దగ్గితే నిమిషం పాటు తల పగిలిపోతోంది, సీటీ నార్మల్ వచ్చింది... ఇంకా ఎంఆర్ఐ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో 20 ఏళ్లుగా గుమాస్తాగా చేస్తున్నాను. మూడు నెలలుగా పొడి దగ్గు పట్టుకుంది. గట్టిగా దగ్గగానే తల వెనక, మెడ పైన సుత్తితో కొట్టినట్టు నొప్పి వస్తుంది. నిమిషం, నిమిషంన్నరలో పోతుంది. తుమ్మినా, దొడ్డికి ముక్కినా అంతే. మా అబ్బాయితో జిమ్‌కి వెళ్లి బరువు ఎత్తినప్పుడు కూడా రెండుసార్లు వచ్చింది. మిగతా రోజంతా ఏమీ ఉండదు. సీటీ స్కాన్ తీయిస్తే నార్మల్ అన్నారు. ఇప్పుడు ఇంకో డాక్టరు గారు ఎంఆర్ఐ రాశారు. నిమిషం నొప్పికి మళ్లీ అంత ఖర్చు అవసరమా? ఐదు నెలలుగా బీపీకి రామిప్రిల్ వేసుకుంటున్నాను. ఇంకే జబ్బూ లేదు.
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అవసరమేనండీ. ఎంఆర్ఐ రాసిన డాక్టరు గారు సరిగ్గానే రాశారు. ఈ రాత్రికే పరిగెత్తాల్సిన పని లేదు గానీ, రెండు మూడు వారాల్లోపు తీయించుకోండి. అప్పటిదాకా బరువుల జోలికి వెళ్లకండి. నడక మామూలుగానే సాగించవచ్చు.

ఇలాంటి ఉత్తరం చదివేటప్పుడు నొప్పి ఎంతసేపు ఉంది, ఎంత గట్టిగా ఉంది అన్నది నేను తర్వాత చూస్తాను. మొదట వెతికేది దగ్గు ముందా, నొప్పి ముందా అని. అప్పటికే నొప్పిగా ఉన్న తల దగ్గినప్పుడో, వంగినప్పుడో, మెట్లెక్కినప్పుడో ఇంకాస్త ఎక్కువ నొప్పి పెడితే అది మామూలు సంగతి. మైగ్రేన్ ఉన్నవాళ్లంతా ఆ మాటే చెబుతారు. సైనస్ నిండినవాళ్లూ, జ్వరంతో పడుకున్నవాళ్లూ అంతే. ఆ ఒక్క కారణంతో ఎవరికీ స్కాన్ రాయం. మీ సంగతి అది కాదు. తల హాయిగా ఉండగా దగ్గు వచ్చింది, ఆ దగ్గే నొప్పిని తెచ్చింది, తర్వాత దానంతట అదే పోయింది. దీన్ని మేం దగ్గు తలనొప్పి అనే అంటాం. తుమ్మడం, ముక్కడం, ఊపిరి బిగబట్టి బరువెత్తడం, పగలబడి నవ్వడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఓపీలో "దగ్గితే తలనొప్పి సార్" అని చెప్పినవాళ్లను "దగ్గకముందు తల ఎలా ఉంది?" అని అడిగితే సగం మంది ఆలోచనలో పడతారు. మీరు "మిగతా రోజంతా ఏమీ ఉండదు" అని రాశారు. నాకు కావలసిన మాట అదే.

దగ్గేముందు గొంతు ఒక్క క్షణం మూసుకుంటుంది. ఛాతీ, పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. ముక్కినప్పుడూ, బరువెత్తినప్పుడూ జరిగేది ఇదే. ఛాతీలో ఒత్తిడి పెరగ్గానే మెడ సిరలు ఉబ్బుతాయి. అద్దం ముందు నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తే మీకే కనిపిస్తుంది. వెన్నెముక లోపలి సిరలు కూడా అలాగే నిండుతాయి. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఉండేది ఒకటే నీరు. కింద సిరలు ఉబ్బి చోటు ఆక్రమించగానే ఆ నీరు పైకి, పుర్రెలోకి ఎగదన్నుతుంది. దగ్గు ఆగగానే మళ్లీ కిందికి జారుతుంది. ఇది అందరిలోనూ రోజూ జరుగుతూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఆ నీరు రాకపోకలు సాగించే దారి ఇరుకైతేనే పేచీ.

ఆ దారి పుర్రె అడుగున ఉంటుంది. అక్కడ ఒక పెద్ద రంధ్రం ఉంది. మెదడు కాండం కిందికి దిగి వెన్నుపాముగా మారేది దాని గుండానే. రంధ్రానికి సరిగ్గా పైన చిన్నమెదడు కూర్చుని ఉంటుంది. చిన్నమెదడు కింది అంచున రెండు చిన్న బుడిపెలు ఉంటాయి, వాటినీ టాన్సిల్స్ అనే అంటారు. గొంతులో టాన్సిల్స్ వేరు, ఇవి వేరు. (రిపోర్టులో ఆ మాట చూసి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు నాకు తెలుసు.) కొందరిలో పుట్టుకతోనే పుర్రె వెనక భాగం కాస్త చిన్నదిగా ఉండి, ఈ టాన్సిల్స్ రంధ్రంలోంచి మెడలోకి దిగి ఉంటాయి. సీసా మూతికి బిరడా కొట్టినట్టన్నమాట. దగ్గినప్పుడు పైకి వెళ్లిన నీరు వెంటనే దిగలేదు. పైన ఒత్తిడి, కింద ఖాళీ. టాన్సిల్స్ ఇంకాస్త కిందికి లాక్కుపోతాయి. చుట్టూ ఉన్న పొరలు సాగి తల వెనక ఠపీమని నొప్పి వస్తుంది. నీరు సర్దుకోగానే పోతుంది. నిమిషం నొప్పి అంటే అర్థం అది.

దీనికి కియారీ అని పేరు. హాన్స్ కియారీ అనే డాక్టరు 1891లో ప్రాగ్ నగరంలో శవపరీక్షల ఆధారంగా దీన్ని వర్ణించాడు. దగ్గు తలనొప్పి ఉన్నవాళ్లలో సుమారు 40 శాతం మందికి లోపల ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణాల్లో ఎక్కువ భాగం కియారీయే. 1996లో స్పెయిన్ న్యూరాలజిస్టులు ఇలాంటి రోగుల వివరాలు ప్రచురించారు. అందులో దగ్గు తలనొప్పి ఉన్న 30 మందిలో 17 మందికి కారణం దొరికింది. ఆ 17 మందికీ కియారీయే. మిగిలిన అరుదైన కారణాల్లో చిన్నమెదడు దగ్గర గడ్డలు, మెదడు లోపలి నీటి గదులకు అడ్డుపడే తిత్తులు ఉంటాయి. పది మందిలో నలుగురికి ఏదో ఉండే అవకాశం ఉన్నప్పుడు నిమిషం నొప్పి కదా అని వదిలేయలేం. మామూలు రోజువారీ తలనొప్పికి స్కాన్ తీస్తే ఏదో దొరికే అవకాశం ఇందులో చిన్న వంతే ఉంటుంది. తేడా అక్కడుంది.

సరే, సీటీ నార్మల్ వచ్చింది కదా అని మీ సందేహం. సీటీ ఎముకను బాగా చూపిస్తుంది, తాజా రక్తస్రావాన్ని బాగా చూపిస్తుంది. పుర్రె అడుగు భాగం దగ్గరకొచ్చేసరికి అదే దాని బలహీనత. అక్కడ ఎముక మందంగా ఉంటుంది. ఆ మందపు ఎముక మధ్యలో ఉన్న మెత్తటి భాగం మీద అడ్డంగా చారలు పడి మసకబారుతుంది. పైగా మామూలు బ్రెయిన్ సీటీని అడ్డంగా, ముక్కలు ముక్కలుగా చూస్తారు. టాన్సిల్స్ ఎంత దిగాయో తెలియాలంటే తలను ముక్కు మీదుగా నిలువునా రెండు చెక్కలు చేసినట్టు, పక్క నుంచి చూడాలి. ఎంఆర్ఐలో ఆ నిలువు బొమ్మ స్పష్టంగా వస్తుంది. పుర్రె అడుగున ముందు అంచు నుంచి వెనక అంచుకు ఒక గీత గీసి, టాన్సిల్స్ దాని కిందికి ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో కొలుస్తారు. 5 మిల్లీమీటర్లు దాటితే కియారీ అంటారు. మీ సీటీ వృథా అయిందని అనను. పెద్ద గడ్డ, రక్తస్రావం లేవని చెప్పింది. మీ నొప్పి అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

ఒక టైలరమ్మ సంగతి చెబుతాను. వయసు 37. తుమ్మినా, పిల్లల మీద గట్టిగా అరిచినా తల వెనక నొప్పి. మూడేళ్లు తిరిగింది. రెండుసార్లు సీటీ తీశారు, రెండుసార్లూ నార్మల్. కళ్లద్దాలు మార్చారు. మెడ నరాలు అరిగాయని పట్టీ వేశారు. గ్యాస్ అని ఒకరు, టెన్షన్ అని ఒకరు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె తలనొప్పి గురించి చెబుతోంది, నేను ఆమె చేతులు చూస్తున్నాను. ఎడమ చేతి వేళ్ల కొసల మీద సూది గుచ్చుకున్న నల్లటి చుక్కలు పది పన్నెండు ఉన్నాయి. మణికట్టు దగ్గర ఇస్త్రీ పెట్టె తగిలిన మచ్చ. "ఇన్నిసార్లు ఎలా గుచ్చుకుందమ్మా?" అంటే, "ఈ మధ్య తెలియడం లేదండీ, రక్తం గుడ్డకు అంటాక చూసుకుంటున్నా" అంది.

కళ్లు మూసుకోమని దూది తాకించాను. తాకింది అని చెప్పింది. పిన్నుతో గుచ్చాను. అప్పుడూ తాకింది అనే చెప్పింది, గుచ్చుకుంది అనలేదు. చల్లటి స్టీలు గ్లాసు ఆనిస్తే చల్లగా ఉందో వెచ్చగా ఉందో చెప్పలేకపోయింది. స్పర్శ ఉంది. నొప్పి, వేడి, చలి తెలియడం లేదు. వెన్నుపాము నడిమధ్యలో ఏదో వ్యాకోచిస్తే ఇలా జరుగుతుంది, ఎందుకంటే నొప్పినీ వేడినీ మోసే నరాల పోగులు వెన్నుపాము మధ్యలోంచే అటునుంచి ఇటు దాటుతాయి. ఎంఆర్ఐలో టాన్సిల్స్ 11 మిల్లీమీటర్లు దిగి ఉన్నాయి. మెడలోని వెన్నుపాము మధ్యలో పొడుగాటి నీటి తిత్తి ఉంది. పైన నీటి దారి మూసుకుపోతే ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి ఇలా వెన్నుపాములోకి దిగుతుంది. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాల్లో తుమ్ము నొప్పి పోయింది. వేళ్లకు నొప్పి, వేడి తెలియడం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పటికీ ఇస్త్రీ ఆమె భర్తే చేస్తాడు. మూడేళ్ల ముందు తీసి ఉంటే వేళ్లు కూడా దక్కేవేమో.

అందుకే మీరు కూడా ఒకటి రెండు గమనించుకోండి. స్నానం చేసేటప్పుడు రెండు చేతులకూ నీళ్ల వేడి ఒకేలా తెలుస్తోందా? చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం ఉందా? నీళ్లు తాగుతుంటే ఊరికే పొలమారుతోందా? చీకట్లో నడుస్తుంటే తూలుతున్నారా? గొంతు మారిందని ఇంట్లోవాళ్లు అంటున్నారా? వీటిలో ఏది ఉన్నా రెండు మూడు వారాలు ఆగకండి, ఈ వారంలోనే వెళ్లండి. ఏమీ లేకపోయినా న్యూరాలజిస్టు టార్చి లాంటి పరికరంతో కంటి వెనక నరం ఒకసారి చూడాలి. తలలో ఒత్తిడి పెరిగితే ఆ నరం ఉబ్బుతుంది. రెండు నిమిషాల పని అది, రూపాయి ఖర్చు లేదు, కానీ మన రద్దీ ఓపీల్లో ఎక్కువగా వదిలేసేదీ అదే.

ఎంఆర్ఐ చీటీ మీద "తలనొప్పి" అని మాత్రమే ఉంటే ఇంకో మాట రాయించుకోండి. దగ్గితే వచ్చే నొప్పి అని, పుర్రె, మెడ కలిసే చోటు చూడాలని ఉండాలి. అప్పుడు స్కాన్ తీసేవాళ్లు మెడ పైభాగం కూడా కలుపుకొని, అక్కడ పలచటి ముక్కలు తీస్తారు. మీ వయసులో కొత్తగా మొదలైన నొప్పి కాబట్టి కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో తీయడం మేలు. బీపీ మందు వాడుతున్నారు గనుక ముందు రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. గొట్టంలో అరగంట పైనే కదలకుండా పడుకోవాలి. చప్పుడు బాగా ఉంటుంది. ముఖ్యంగా మీకు దగ్గు ఉంది. మధ్యలో దగ్గితే బొమ్మ చెడుతుంది. టెక్నీషియన్‌కు ముందే చెప్పండి, విడతల మధ్య దగ్గడానికి ఆగుతారు.

రిపోర్టు వచ్చాక చాలామంది దారి తప్పేది ఇక్కడే. "టాన్సిల్స్ 6 మిల్లీమీటర్లు దిగి ఉన్నాయి" అని చదవగానే భయపడిపోతారు. వేరే కారణంతో ఎంఆర్ఐ తీసినప్పుడు కూడా నూటికి ఒకరిలో ఇలా కనిపిస్తుంది, వాళ్లకు ఏ బాధా ఉండదు. మిల్లీమీటర్లను చూసి ఎవరూ ఆపరేషన్ చేయరు. చుట్టూ నీటికి చోటు ఉందా, వెన్నుపాములో తిత్తి ఉందా, నొప్పి తీరు దీనికి సరిపోతుందా అన్నవి చూస్తారు. రోజంతా నుదురు బిగపట్టినట్టు ఉండే తలనొప్పికి కియారీ ఆపరేషన్ చేస్తే తగ్గదు. మీలాగా దగ్గుతో వచ్చి నిమిషాల్లో పోయే నొప్పి బాగా తగ్గుతుంది.

ఇంకో బోల్తా కూడా ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఆపరేషన్ తేదీ కూడా ఖాయం చేసుకుని, రెండో అభిప్రాయం కోసం వచ్చాడు. రిపోర్టులో టాన్సిల్స్ దిగాయని ఉంది. దగ్గితే నొప్పి అన్నాడు. కానీ "పడుకుంటే ఎలా ఉంటుంది?" అంటే, "పడుకుంటే పది నిమిషాల్లో పోతుంది సార్, లేచి కూర్చుంటే మళ్లీ మొదలు" అన్నాడు. అది కియారీ నొప్పి కాదు. వెన్నెముక దగ్గర పొరకు ఎక్కడో చిల్లు పడి మెదడు నీరు కారిపోతోంది. నీరు తగ్గి మెదడే కిందికి జారి, టాన్సిల్స్ దిగినట్టు కనిపించింది. కాంట్రాస్ట్‌తో మళ్లీ తీస్తే మెదడు బయటి పొరంతా తెల్లగా మెరిసింది. ఆ కుర్రాడి రక్తమే కొద్దిగా తీసి వీపులో వెన్ను పొర బయట ఎక్కించాం. గడ్డకట్టిన రక్తం చిల్లుకు మాటు వేసింది. తల కోయాల్సిన పని తప్పింది. అందుకే కాంట్రాస్ట్ అన్నాను, అందుకే పడుకుంటే ఎలా ఉంటుందో మీరూ చూసుకుని డాక్టరుకు చెప్పండి.

ఒకవేళ మీకు నిజంగానే కియారీ ఉండి, నొప్పి భరించలేకుండా ఉంటే ఆపరేషన్ మాట వస్తుంది. తల వెనక, రంధ్రం అంచున కొంత ఎముక తీసేస్తారు, మెడలోని మొదటి వెన్నుపూస వెనక కమాను కూడా తీస్తారు. చాలామందిలో లోపలి పొరను కోసి మాసిక వేసి వెడల్పు చేస్తారు. నీటికి దారి తెరవడమే అందులో చేసేదంతా. నీరు కారడం, ఇన్ఫెక్షన్ లాంటి ఇబ్బందులు కొందరికి వస్తాయి. కాబట్టి వెన్నుపాములో తిత్తి లేకుండా, నొప్పి ఎప్పుడో ఒకసారి మాత్రమే వస్తుంటే కనిపెట్టుకుని ఉండటం కూడా న్యాయమైన నిర్ణయమే.

ఎంఆర్ఐ నార్మల్ వస్తే? అది మంచి వార్తే. అప్పుడు మీది కారణం లేని దగ్గు తలనొప్పి. 40 దాటినవాళ్లలోనే ఎక్కువగా వస్తుంది. సెకను నుంచి రెండు గంటల దాకా ఉండొచ్చు. దీనికి నొప్పి వచ్చాక పారాసెటమాల్ వేసుకుని లాభం లేదు, మాత్ర కడుపులో కరిగేలోపే నొప్పి పోతుంది. రాకుండా ఆపే మందు కావాలి. ఇండోమెథాసిన్ అనే పాత మాత్ర దీనికి బాగా పనిచేస్తుంది. కానీ అది కడుపులో పుండు చేస్తుంది, బీపీ పెంచుతుంది, రామిప్రిల్‌తో కలిస్తే కిడ్నీలకు భారం. మీరు మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవాల్సింది కాదు. మీ డాక్టరు మోతాదు, కడుపు మాత్ర, కిడ్నీ పరీక్ష చూసుకుని ఇవ్వాలి. ఇంకో మాట: ఆ మాత్రతో తగ్గిందంటే లోపల ఏమీ లేనట్టే అనుకోకండి. కారణం ఉన్నవాళ్లకూ కొందరికి తగ్గుతుంది. స్కాన్ ముందు, మాత్ర తర్వాత. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టరు ఒకరు 1968లో శ్రమతో తలనొప్పి వచ్చే 103 మందిని మూడేళ్లు, అంతకు మించి గమనించి రాశారు. మొదట ఏమీ దొరకనివాళ్లే వాళ్లంతా. తర్వాత పది మందిలో కారణం బయటపడింది. మిగతావాళ్లలో ఎక్కువమందికి ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోయింది. అప్పట్లో ఎంఆర్ఐ లేదు. ఉంటే ఆ పది మందిలో చాలామంది మొదటే దొరికేవారు.

ఇక జిమ్. మీకు వచ్చింది ఊపిరి బిగబట్టి ఎత్తినప్పుడు కాబట్టి అది దగ్గు నొప్పి కిందికే వస్తుంది. మీ అబ్బాయి వయసువాళ్లకు వచ్చేది వేరు. ఎండలో అరగంట పరుగెత్తాకో, ఫుట్‌బాల్ ఆడాకో తల రెండు వైపులా దడదడ కొట్టుకుంటుంది, నిమిషాల నుంచి రెండు రోజుల దాకా ఉంటుంది. పదిసార్లు ఒకేలా వచ్చి తగ్గిపోయినది చాలావరకు ప్రమాదం లేనిది. జీవితంలో మొదటిసారి వచ్చినది మాత్రం చూపించుకోవాల్సిందే. రక్తనాళం ఉబ్బి పగిలినా, మెడలో రక్తనాళం లోపొర చిరిగినా మొదటి రోజు అలాగే ఉంటుంది. అక్కడ మెదడుతో పాటు రక్తనాళాల బొమ్మ, అంటే యాంజియో, కూడా తీస్తారు. మీ వయసువాళ్లకు, అందులో బీపీ ఉన్నవాళ్లకు, ఇంకో కోణం ఉంది. మెట్లెక్కుతుంటే తలనొప్పి మొదలై, ఆగి నిలబడగానే పోతే, మళ్లీ ఎక్కితే మళ్లీ వస్తే, అది గుండెది కావచ్చు. ఛాతీలో ఏమీ లేకుండా తలలోనే తెలిసే గుండెనొప్పి అరుదుగా ఉంది. అలాంటివాళ్లకు ముందు ఈసీజీ, ట్రెడ్‌మిల్. మైగ్రేన్ అనుకుని రక్తనాళాలు బిగించే మాత్రలు ఇస్తే ప్రమాదం.

ఏ వయసువాళ్లకైనా, దగ్గినా ముక్కినా పరుగెత్తినా, నొప్పి ఒక్క నిమిషంలో పిడుగు పడ్డట్టు వచ్చి పోకుండా నిలిచిపోతే అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. దానికి తోడు వాంతులు, మెడ బిగుసుకోవడం, స్పృహ తప్పడం, ఫిట్స్, మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే 108కి ఫోన్ చేయాలి. ఇక్కడ మాత్రం సీటీయే మొదటి స్కాన్. మొదటి ఆరు గంటల్లో తీస్తే రక్తస్రావం దాదాపు తప్పించుకోదు. ఆలస్యమైతే సీటీ నార్మల్ వచ్చినా నడుములోంచి నీరు తీసి చూస్తారు. బాలింతలకు కొత్తగా తలనొప్పి వచ్చి, పడుకున్నా, ముక్కినా ఎక్కువైతే చలిగాలి సోకిందని చెవుల్లో దూది పెట్టి ఊరుకోకండి. మెదడు సిరల్లో గడ్డ కట్టి ఉండొచ్చు, దానికి సిరల బొమ్మ ప్రత్యేకంగా తీయాలి.

చివరగా మీ దగ్గు. మిర్చి ఘాటు అని మీరు అనుకుంటున్నట్టున్నారు. 20 ఏళ్లుగా అదే యార్డు, అదే ఘాటు. దగ్గు మాత్రం మూడు నెలల నుంచే. రామిప్రిల్ ఐదు నెలల నుంచి. ఆ జాతి బీపీ మాత్రలతో కొందరికి గొంతులో గిలిగింతలు పెట్టినట్టు పొడి దగ్గు వస్తుంది. మొదలుపెట్టిన వారంలోనూ రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. దగ్గు మందు సీసాలు ఎన్ని తాగినా పోదు. మాత్ర మీరే ఆపేయకండి, బీపీ పెరుగుతుంది. రాసిన డాక్టరుకు ఈ వారంలో దగ్గు సంగతి చెప్పండి. టెల్మిసార్టాన్ లాంటి వేరే జాతి మాత్రకు మారుస్తారు. మార్చాక దగ్గు పోవడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి మూడు నెలలూ పట్టొచ్చు. అప్పటికీ తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించాలి. యార్డులో కాటా దగ్గర నిలబడేటప్పుడు గుడ్డ చుట్టుకోవడం కాకుండా ముక్కుకు బిగుతుగా పట్టే మాస్కు వాడండి. దొడ్డికి ముక్కాల్సిన అవసరం రాకుండా రాత్రిపూట గ్లాసుడు నీళ్లలో ఈసబ్గోల్ రెండు చెంచాలు కలుపుకోండి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మాత్ర మార్చాక దగ్గు పోతుంది, దగ్గుతో పాటు తలనొప్పి కూడా కనిపించకుండా పోవచ్చు. అప్పుడు ఎంఆర్ఐ అపాయింట్‌మెంట్ రద్దు చేయాలనిపిస్తుంది. చేయకండి. దగ్గు తగ్గినంత మాత్రాన టాన్సిల్స్ పైకి వెళ్లవు. స్కాన్ అయ్యాక న్యూరాలజిస్టు దగ్గరికి రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా సీడీ కూడా, పాత సీటీ ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి. ఆ నిలువు బొమ్మను ఆయన తన కంటితో చూడాలి.